బయోడేటాలో పై సగం

పనికోసం మన పిల్లలు పంపే బయోడేటాను అవతలి ఆఫీసరు ముందు చదవడు, చూస్తాడు అంతే. అమెరికాలో ల్యాడర్స్ అనే ఉద్యోగాల కంపెనీ, ఆఫీసర్ల కళ్ళు కాగితం మీద ఎక్కడెక్కడికి పోతాయో మిషను పెట్టి చూసింది. 2012లో చూస్తే మొదటి చూపు ఆరు సెకండ్లు, 2018లో 7.4 సెకండ్లు. ఆ కాసేపట్లో కళ్ళు వెతికేది పేరు, ఇప్పటి పని, దానికి ముందటి పని, ఎప్పటినుంచి ఎప్పటిదాకా చేసినారు, చదువు. మిగతాదాని మీద చూపు నిలవదు.

మన మిల్లుల్లోనూ ఇదే కత. ఫిట్టరు కావాలంటే మేస్త్రీ చూసేది ఏ మిషను మీద చేసినాడు, ఎన్నేండ్లు చేసినాడు అనే.

మా వీధి పిల్లోడు ఒకడు ఐటీఐ ఫిట్టరు, రింగ్‌ఫ్రేము మెయింటెనెన్సులో రెండేండ్లు చేసినాడు. ఆరు మిల్లులకు పంపితే ఒక్క ఫోనూ రాలేదు. కాగితం తెమ్మని చూసినాను. పైన నడిమధ్యలో పెద్దక్షరాలతో ‘బయోడేటా’. కింద ‘ఆబ్జెక్టివ్’ అని నాలుగు వరుసల ఇంగ్లీషు, జెరాక్సు షాపువాడు అందరికీ వేసిచ్చేదే. తర్వాత నాయన పేరు, మతం, పెండ్లి అయిందా లేదా, గళ్ళు గీసి పదో తరగతి మార్కులు. రింగ్‌ఫ్రేము అనే మాట రెండో పేజీ అడుగున ఉంది. ఏడు సెకండ్లలో అక్కడిదాకా ఎవరు పోతారు?

తిరగ రాయించినాము. ‘బయోడేటా’ ఉన్న చోట వాని పేరు పెద్దగా, దాని కింద ఊరు, ఫోన్ నెంబరు. వెంటనే ‘రింగ్‌ఫ్రేము ఫిట్టరు, 2 సంవత్సరాలు’. ఆ కింద ఎడమపక్క మిల్లు పేరు, అదే వరుసలో కుడి అంచున చేరిన నెల, విడిచిన నెల. తర్వాత చేసిన పనులు, వరుసకు ఒకటి: స్పిండిల్ సెంటరింగు, స్పిండిల్ టేపు మార్చడం, ఆయిలింగు. ‘నేను ఫలానా మిల్లులో పనిచేసే కాలంలో’ అని మొదలుపెట్టినాడు, అది కొట్టించినాను. పైన రెండు మూడు వరుసలు అయినాక కళ్ళు ఎడమ అంచు పట్టుకొని కిందికి జారతాయి. పని పేరు ఆ అంచునే ఉండాల. చదువు ఆ తర్వాత. మతం, పెండ్లి తీసేసినాము, కావాలంటే చేరేటప్పుడు వాళ్ళే అడుగుతారు. అంతా ఒక పేజీలో పట్టింది, భాగానికీ భాగానికీ నడుమ ఖాళీ కూడా మిగిలింది.

ఇప్పుడు అందరూ వాట్సాప్‌లోనే పంపుతా ఉన్నారు. వర్డులో పంపితే ఆఫీసరు ఫోన్లో గళ్ళు చెదిరిపోవచ్చు. పీడీఎఫ్ చేసి, ముందు ఇంకొకరి ఫోన్లో తెరిచి చూడండి. ఇంట్లో ఎవరికైనా చూపించి, ఏడు లెక్కబెట్టి లాక్కోండి. ఏం పని, ఎన్నేండ్లు అని అడగండి. మా ఇంటామె పాత కాగితం చూసి ‘పెండ్లి కాలేదంట’ అనింది!

ఒకటి మాత్రం అమరికతో దాగదు. వానికి నడుమ అయిదు నెలలు పని లేదు. తేదీలు తీసేద్దామా మామా అన్నాడు. కళ్ళు నేరుగా తేదీల చోటికే పోతాయి, అక్కడ ఖాళీగా ఉంటే అదే ముందు కనబడుతుంది. తేదీలు పెట్టి, ‘నాయన వైద్యం కోసం ఇంట్లో’ అని ఒక వరుస రాయించినాను.