మెషిన్ ఆగినప్పుడు తూకం ఎట్ల వచ్చింది?

మొన్న గ్రూపులో ఒక అన్న "ఇంటర్న్‌షిప్‌లో ఏ కాగితం ఇస్తే అది నింపుండ్రి, సర్టిఫికెట్ తెచ్చుకోండ్రి, మిగతాది మనకెందుకు" అని రాసిండు. అన్నా, నువ్వంటే గౌరవమే. కానీ ఈ సలహా తప్పు. నేను అదే చేసి చూసిన కాబట్టి చెప్తున్న.

మాది నస్రుల్లాబాద్ దగ్గర తండా. ఇంట్ల కాలేజీకి పోయింది నేనే మొదలు. సెలవుల్లో ఒక మాత్రల కంపెనీలో ఇంటర్న్‌గా చేసిన. అరగంటకోసారి మెషిన్ కాడ 20 మాత్రలు తీసి, ఒక్కొక్కటి తూచి, బ్యాచ్ రికార్డులో రాయాలి. మాత్ర బరువు 600 మిల్లీగ్రాములు. ఇండియన్ ఫార్మకోపియా ప్రకారం ఇంత బరువు మాత్రకు సరాసరి మీద 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అంటే సరాసరి 600 ఉంటే 570 నుంచి 630 దాకా. 20లో రెండింటికి మించి ఈ హద్దు దాటొద్దు, ఒక్కటి కూడా 10 శాతం దాటొద్దు.

ఒకరోజు పంచ్‌లకు పొడి అంటుకుంటుందని మధ్యాహ్నం 2 నుంచి 2:40 దాకా మెషిన్ ఆపి శుభ్రం చేసిన్రు. సాయంత్రం సూపర్‌వైజర్ వచ్చి, 2:30 కాలమ్ ఖాళీగా ఉందని "601 రాసి సంతకం పెట్టు" అన్నడు. పెట్టిన. రాత్రంతా నిద్ర పట్టలే. ఆగిన మెషిన్‌ల నుంచి మాత్ర ఎట్ల వస్తది? మెషిన్ లాగ్‌బుక్‌ల 2 నుంచి 2:40 ఆగిందని రాసుంది. రెండు పుస్తకాలు పక్కపక్కన పెడితే ఎవడైనా పట్టేస్తడు. అప్పుడు అడిగేది సంతకం పెట్టినోన్ని, పెట్టమన్నోన్ని కాదు.

ఇది ఉత్త కాగితం గొడవ కూడా కాదు. పొడి పంచ్‌కు అంటుకుంటే మాత్ర బరువు తగ్గొచ్చు, అంటే మందు తగ్గొచ్చు. మెషిన్ ఆపక ముందు వచ్చిన మాత్రలు ఏ డ్రమ్ములో పడ్డయో వెతకాలంటే ఆ ఆగిన టైమే గుర్తు. నా 601 ఆ గుర్తును చెరిపేసింది.

2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో పిల్లలు చనిపోయిన కోల్డ్రిఫ్ దగ్గు మందు యాదికుందా? గోండులు ఎక్కువుండే జిల్లా అది. తమిళనాడు ల్యాబ్ పరీక్షలో ఎస్‌ఆర్-13 అనే బ్యాచ్‌లో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం దొరికింది. మన తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ ఆ మందు వాడొద్దని హెచ్చరించింది కూడా ఆ బ్యాచ్ నంబర్ చెప్పే. ఆ నంబర్ వెనక రికార్డే అబద్ధమైతే, తప్పు ఎక్కడ జరిగిందో ఎవరు వెతుకుతరు, ఎట్ల వెతుకుతరు?

తెల్లారి క్వాలిటీ మేడమ్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పిన. 601 మీద ఒక్క గీత కొట్టించింది, కింది అంకె కనపడేటట్టు. వైట్‌నర్ ముట్టనియ్యలే. పక్కన "మెషిన్ ఆగింది, తూకం తీయలేదు" అని కారణం రాయించి, సంతకం, ఆ రోజు తేదీ వేయించింది, వెనకటి తేదీ కాదు. తర్వాత డీవియేషన్ రాసి, ఆపక ముందు నిండిన డ్రమ్ములు పక్కకు పెట్టించి మళ్ల తూపిచ్చింది. సూపర్‌వైజర్ వారం దాకా నాతో మాట్లాడలే. సర్టిఫికెట్ మాత్రం వచ్చింది అన్నా.

ఈసారి పోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు, ఖాళీ నింపమంటే "సార్, ఆ టైంల నేను తూచలే, తూచలేదనే రాస్త" అనుండ్రి. కోపం చేస్తే క్వాలిటీ వాళ్లకు చెప్పుండ్రి. అన్నా, నువ్వు కూడా ఆ మెసేజ్ తీసెయ్యకు, కింద జవాబు రాయి.