శుక్రవారం సాయంత్రపు ప్రశ్న

డాలస్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి శుక్రవారం, పక్క సీటాయన సంచి సర్దుకుంటూ ‘ఎనీ ప్లాన్స్ ఫర్ ది వీకెండ్?’ అని అడిగాడు. ‘నథింగ్ మచ్’ అన్నాను. నవ్వి వెళ్లిపోయాడు. రెండు నెలలపాటు ప్రతి శుక్రవారం అదే ప్రశ్న, అదే జవాబు. నేను వినయంగానే అన్నాననుకున్నాను. నాకు మాట్లాడటం ఇష్టం లేదని ఆయన అనుకున్నాడట. ఆ సంగతి ఆయనే తర్వాత చెప్పాడు.

ఆ ప్రశ్న మన దగ్గర ‘భోంచేశారా?’ లాంటిది. మన రెండు రోజుల చిట్టా అంతా అక్కర్లేదు కానీ, ఎదుటివాళ్లు అందుకోవడానికి ఒక కొసైనా ఇవ్వాలి. ‘రేపు పొద్దున పాపకి ఈత క్లాసుంది. ఎల్లుండి గుత్తివంకాయ వండుదామనుకుంటున్నాను. మరి మీరు?’ అంటే చాలు. ఆ ‘మరి మీరు?’ మరిచిపోతే మాట అక్కడే తెగుతుంది. నేను అలా అడిగిన శుక్రవారం ఆయన సంచి కింద పెట్టి, పెరట్లో టమాటాలు నాటబోతున్నానని పది నిమిషాలు చెప్పాడు.

కుటుంబం ప్రస్తావన వచ్చినప్పుడు అసలు చిక్కు మన వరసలతో. పెదనాన్న కొడుకు మనకు అన్నే కదా. అలా ఒకే ఏడాదిలో మూడుసార్లు ‘మా బ్రదర్ పెళ్లి’ అని సెలవు అడిగాను. ‘మీరెంతమంది అన్నదమ్ములు?’ అన్నాడాయన ఆశ్చర్యంగా. అక్కడ పెదనాన్న కొడుకు ఉత్త ‘కజిన్’. కజిన్ బ్రదర్ అనరు. తోడల్లుణ్ణి ‘కో-బ్రదర్’ అంటే అర్థం కాదు. బావ, మరిది, బావమరిది, తోడల్లుడు, అందరూ ‘బ్రదర్ ఇన్ లా’లే. వియ్యంకుడికి వాళ్లకు వాడుకమాటే లేదు, ‘మా అమ్మాయి మామగారు’ అని విడమరిచి చెప్పుకోవాలి.

పెళ్లయిందా, పిల్లలెంతమంది, ఇంకా లేరా? ఇవి మనం ఆప్యాయతతోనే అడుగుతాం. కొత్త పరిచయంలో అక్కడ అవి గుచ్చుకుంటాయి. ఆ మనిషికి విడాకులై నెల కూడా కాకపోవచ్చు, పిల్లల కోసం ఏళ్ల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరుగుతూ ఉండవచ్చు. ఇంటి సంగతి వాళ్ల నోట రానివ్వాలి. వచ్చాక వాళ్లు వాడిన మాటే వాడాలి. ‘పార్ట్‌నర్’ అన్నవాళ్లను ‘మీ వైఫ్ ఎలా ఉన్నారు’ అని అడగకూడదు. అది మన ఊహే గాని వాళ్లు చెప్పింది కాదు.

సోమవారం ‘హౌ వాజ్ యువర్ వీకెండ్?’ అని వాళ్లు అడిగేదాకా ఆగకండి. శుక్రవారం విన్న టమాటాల సంగతి మీరే ముందు అడగండి.