మూడో వరుసలో 43,424 రూపాయలు

ముప్పై ఏళ్లు హైస్కూల్లో పిల్లలకు బారువడ్డీ, చక్రవడ్డీ నేర్పిన మా బాబాయి, ఈ వారం తన ఇంటి అప్పు కాగితం చేత్తో పట్టుకుని మా ఇంటికి వచ్చారు. రిటైరయ్యాక వచ్చిన గ్రాట్యుటీ డబ్బుతో అప్పు తీర్చేసి నిశ్చింతగా ఉందామని బ్యాంకుకు వెళ్లారు. వాళ్లు ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ ఇచ్చారు. "ఒరేయ్, చెక్కు రాసే ముందు ఒకసారి నువ్వు కూడా చూడరా" అన్నారు. చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ కాగితం మీద నాలుగు వరుసలున్నాయి. మిగిలిన అసలు 18,40,000. వడ్డీ 13,033. ముందస్తు ముగింపు ఛార్జీ, జీఎస్టీతో కలిపి 43,424. ఇతర ఛార్జీలు 2,950. అడుగున మొత్తం 18,99,407. బాబాయి చూసింది ఆ ఆఖరి అంకెనే. మనలో చాలామంది చూసేదీ దాన్నే. అప్పు వదిలిపోతుందన్న సంతోషంలో ఉన్నవాడికి వరుసలు చదివే ఓపిక ఎక్కడ ఉంటుంది?

మొదటి వరుస సరిగ్గానే ఉంది. ఎలా తెలిసిందంటే, బాబాయి వాయిదా ప్రతి నెలా 5న కడతారు. ఆయన ఈ కాగితం అడిగింది 9న. అప్పటికి 5వ తేదీ వాయిదా ఖాతాలోంచి వెళ్లిపోయి, లోను ఖాతాలో జమైంది. లోను ఖాతా స్టేట్‌మెంట్ తీసి పక్కన పెట్టాం. వాయిదా పడ్డాక మిగిలిన అసలు అందులోనూ 18,40,000. ఇదే కాగితం 4న తీసుకుని ఉంటే, ఆ నెల వాయిదా ఇంకా బాకీగానే కనిపించేది. ఆ లెక్క ప్రకారం అంతా కట్టేశాక, 5న ఆటోమేటిక్‌గా వాయిదా కూడా ఖాతాలోంచి కోతపడేది. తర్వాత దాన్ని వెనక్కి రప్పించుకోవడానికి బ్రాంచి చుట్టూ తిరగాలి. అందుకే వాయిదా జమైన రెండు మూడు రోజులకు కాగితం అడగాలి. వచ్చే వాయిదా దగ్గరపడక ముందే అప్పు ముగించాలి.

రెండో వరుస దగ్గర బాబాయినే లెక్క వేయమన్నాను. వడ్డీ ఏడాదికి ఎనిమిదిన్నర శాతం. 18,40,000 మీద ఏడాది వడ్డీ 1,56,400. దాన్ని 365తో భాగిస్తే రోజుకు 428 రూపాయల 49 పైసలు. 5 వరకు వడ్డీ ఆ రోజు కట్టిన వాయిదాలోనే పోయింది. ఆయన డబ్బు కట్టబోయేది 16న. అంటే 11 రోజులు, 4,713 రూపాయలు. కాగితంలో వేసింది 13,033. 1,56,400ను పన్నెండుతో భాగించి చూస్తే సరిగ్గా అదే వచ్చింది. నెల మొత్తానికి వడ్డీ వేసేశారు! తేడా 8,320 రూపాయలు.

"16న కడితే నెలంతటికీ వడ్డీ ఎందుకు కట్టాలిరా?" అన్నారు బాబాయి. కట్టక్కర్లేదు. అప్పు ఎన్ని రోజులుంటే అన్ని రోజులకే వడ్డీ తీసుకోవాలి, నెల మధ్యలో తీర్చినవాళ్ల దగ్గర నెలంతటికీ వసూలు చేయడం అన్యాయమని 2024 ఏప్రిల్ 29న రిజర్వ్ బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. తనిఖీల్లో ఇలాంటివి కనిపించాయనీ, అదనంగా తీసుకున్నది తిరిగి ఇమ్మన్నామనీ అందులోనే రాసింది. అంటే ఇది ఒక్క బ్రాంచిలో ఒక్క గుమాస్తా చేసిన పొరపాటు కాదు. కాగితం మీద రోజువారీ వడ్డీ ఎంతో, ఏ తేదీ దాకా లెక్క వేశారో ఉండాలి. లేకపోతే రాయించుకోవాలి. ఆ రెండూ ఉంటే ఏడో తరగతి పిల్లవాడు కూడా సరిచూడగలడు.

ఇక నాకు కోపం తెప్పించింది మూడో వరుస. అసలులో రెండు శాతం, 36,800. దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ, 6,624. బాబాయిది ఫ్లోటింగ్ రేటు లోను. మంజూరు పత్రంలో స్పష్టంగా ఉంది. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు ఇంటి అప్పు ముందుగా తీర్చితే ఛార్జీ వేయకూడదని బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు చెప్పింది 2012 జూన్‌లో. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ వరుస కాగితం మీదకు ఎలా వచ్చింది? స్థిర వడ్డీ లోను అయితే సంగతి వేరు. అక్కడ ఒప్పందంలో ఏం రాశారో చూసుకోవాల్సిందే. ఫ్లోటింగ్ అయితే ఒప్పుకోనక్కర్లేదు. 2026 జనవరి 1 నుంచి మంజూరైన అప్పులకు కొత్త నిబంధనలు కూడా వచ్చాయి. డబ్బు ఎక్కడినుంచి తెచ్చి కట్టినా, ఎన్నాళ్లకు కట్టినా ఈ ఛార్జీ వద్దనే అవి కూడా చెబుతున్నాయి.

మర్నాడు బాబాయితో నేనూ వెళ్లాను. బ్రాంచిలో ఉన్నాయన "సిస్టమ్ వేసిందండీ" అన్నారు. మంజూరు పత్రం చూపించి, రాతపూర్వకంగా అడిగాం. రెండు రోజులకు కొత్త కాగితం వచ్చింది. మూడో వరుస లేదు. వడ్డీ 4,713. ఇతర ఛార్జీల్లో 590 ఎప్పుడో ఒక వాయిదా తప్పినందుకు, 2,360 పత్రాలు తెప్పించే రుసుము. రెండూ ఒప్పంద పత్రంలోని ఛార్జీల పట్టికలో ఉన్నాయి కాబట్టి కట్టాం. మొత్తం 18,47,663. మొదటి కాగితానికీ రెండోదానికీ తేడా 51,744 రూపాయలు. అడగనివాడు ఆ డబ్బు కట్టేసి, రసీదు కళ్లకద్దుకుని వచ్చేవాడు.

నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్న మాట మళ్లీ చెప్పకుండా ఉండలేను. ఆ కాగితం మొత్తం ఇంగ్లీషులోనే ఉంది. అసలు, వడ్డీ, బారువడ్డీ, బాకీ, వాయిదా. మన భాషలో ఈ మాటలన్నీ పుట్టి పెరిగాయి. సంతలో కూరగాయలమ్ముకునే అవ్వకు కూడా తెలుసు అసలేదో వడ్డీ ఏదో. మా బాబాయి లెక్కలన్నీ తెలుగులోనే నేర్పారు. అలాంటి మనిషి చేతిలో తనకు అలవాటులేని మాటలతో ఒక కాగితం పెడితే, ఆయన నేర్పిన లెక్కే ఆయనకు కొత్తగా కనిపించింది. ఫోర్‌క్లోజర్ అన్న మాటే చూడండి. అమెరికాలో ఉన్న మా అత్తయ్య కొడుక్కి ఫోన్లో చెబితే, ఇల్లు వేలానికి వచ్చిందా అని కంగారుపడ్డాడు. అక్కడ దాని అర్థం అదే మరి. ఇక్కడ ముందుగా తీర్చేయడాన్ని కూడా అలాగే అంటున్నారు. అప్పు అమ్మేటప్పుడు గోడల నిండా తెలుగులో ప్రకటనలు వేయించినవాళ్లకు, అప్పు తీర్చేటప్పుడు నాలుగు వరుసలు తెలుగులో రాయడం కష్టమా? తెలుగులో "ముందుగా తీర్చినందుకు జరిమానా" అని రాసి ఉంటే, బాబాయి కౌంటర్ దగ్గరే నిలబడి ఎందుకని అడిగేవారు. ఇది భాషాభిమానం మాట కాదు, యాభై వేల రూపాయల మాట.

16న ఆర్‌టీజీఎస్‌లో డబ్బు వెళ్లింది. పని అక్కడితో అయిపోలేదు. ఇంటి పత్రాలు కుదువపెట్టినప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేయించారు కదా, అది ఈసీలో కనిపిస్తూనే ఉంటుంది. డబ్బంతా కట్టిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగివ్వాలి, ఏ రిజిస్ట్రీలో నమోదైన తనఖానైనా తీసేయించాలి. బ్యాంకు తప్పువల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. 2023 డిసెంబర్ 1 నుంచి ఈ నియమం ఉంది. ఈ సంగతి చెప్పిందీ బ్యాంకువాళ్లు కాదు, నేను.

బాబాయి వంటింట్లో క్యాలెండర్ మీద 16 చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, 30 రోజులు లెక్కపెట్టుకున్నారు. ఆ మర్నాడే ఈసీకి దరఖాస్తు పెడతానన్నారు.