వాక్యం చూపిస్తేనే "ఉంది"

స్కాలర్‌షిప్ ఇప్పిస్తామనే ఒక ప్రైవేటు సైట్ నన్ను కుల ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా నంబరు అడిగింది. అమలాపురం హాస్టల్లో కూర్చుని దాని ప్రైవసీ పాలసీని 2011 ఐటీ రూల్స్ పక్కన పెట్టి చదివాను. కంపెనీ తన పాలసీలో ఏమేం చెప్పాలో 4వ రూల్‌లో ఉంది. ఫిర్యాదులు చూసే అధికారి పేరు, కాంటాక్ట్ సైట్‌లో పెట్టాలని 5వ రూల్ చెప్తుంది.

నా పద్ధతి ఒకటే. పాలసీలోంచి ఆ వాక్యం ఎత్తి రాయగలిగితేనే "ఉంది", లేకపోతే "లేదు".

ఏ వివరాలు తీసుకుంటారో ఉంది. భద్రత గురించీ ఉంది. ఎందుకు తీసుకుంటారంటే "సేవలు మెరుగుపరచడానికి" అట. నా కుల పత్రంతో ఏం మెరుగుపరుస్తారో మరి! "లేదు" అనే రాశా. "భాగస్వాములకు" ఇస్తామన్నారు, ఎవరికో చెప్పలేదు. అధికారి పేరు లేదు, ఒట్టి ఫారం ఉంది.

నాకు ఎక్కువ బాధనిపించింది ఇంకోటి. ఆ రూల్స్‌లో సున్నితమైన సమాచారం జాబితాలో పాస్‌వర్డ్, బ్యాంకు వివరాలు, ఆరోగ్యం, వేలిముద్రల్లాంటివి ఉన్నాయి. కులం లేదు. అన్నిటికీ "ఉంది" అని వచ్చినా మన కుల పత్రానికి ఆ ప్రత్యేక రక్షణ దొరకదు. అది జాబితాలోనే ఉన్న లోటని నా అభిప్రాయం.

లేని మూడూ ఆ ఫారంలోనే అడిగాను. జవాబు వచ్చేదాకా పత్రం ఎక్కించను.