ఇంకా ముప్పై ఒక్క చీరలు: ఉప్పాడ నేతకి చట్టం ఎందాకా తోడొస్తది?

మొన్నామధ్య పిఠాపురంలో ఓ టీ కొట్టు దగ్గర ఉప్పాడ నుంచొచ్చిన పెద్దాయనొకరు తన ఫోను తీసి నా చేతిలో పెట్టారు. "తమ్ముడూ, నువ్వు పేపర్లకి రాస్తావు గదా, ఈ రెండు ఫొటోలూ చూసి చెప్పు. చీర ఒకటేనా, కాదా?" అన్నారు.

మొదటి ఫొటోలో ఉన్నది ఆయనా, ఆయన భార్యా ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని నలభై రోజులు నేసిన జాందానీ. రెండోది ఏడొందల యాభై రూపాయలకి ఆన్‌లైన్లో అమ్మకానికి పెట్టిన ప్రింటు చీర. కట్టుకున్న అమ్మాయి కూడా నిజం మనిషి కాదు, ఏఐ గీసిన బొమ్మ. కొంగులో నెమళ్ళు అవే. వాటి మధ్యన తీగ అల్లిక అదే. నెమలి తల ఇటున్నది అటు తిప్పి, రంగు మార్చారు, అంతే. ఈయన తన చీర ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టిన మూడు వారాలకి అది బయటికొచ్చింది.

"ఇది దొంగతనం కాదా?" అనడిగారు. ధర్మం ప్రకారం అయితే దొంగతనమేనండీ. చట్టం ప్రకారం జవాబు చెప్పాలంటే మాత్రం ముందు ఆయన్ని నేను నాలుగు ప్రశ్నలు అడగాల్సొచ్చింది. ఆ నాలుగూ మన నేతగాళ్ళందరికీ తెలియాలనే ఇది రాస్తన్నాను.

ముందుగా ఓ మాట. ఏఐతో బట్టల డిజైన్లు తీసేవాళ్ళు రెండు రకాలుగా తీస్తన్నారు. ఒకటి, "ఫలానా డిజైనర్ తరహాలో చీర గియ్యి" అని మాటల్లో చెప్పడం. రెండు, నేసిన చీర ఫొటో ఎక్కించి "ఇలాంటిదే కొంచెం మార్చి ఇయ్యి" అనడం. పైకి రెండూ ఒకటే కాపీలా కనపడతాయి గానీ చట్టం ముందు రెంటికీ చాలా తేడా ఉంది.

తరహా మీద ఎవరికీ కాపీరైటు లేదు. గౌరంగ్ షా అని హైదరాబాద్ డిజైనర్ ఉన్నారు. జాందానీకి ఆయన పెట్టింది పేరు. ‘మహానటి’ బట్టలకి జాతీయ అవార్డు అందుకున్నవాళ్ళలో ఆయనొకరు. ఆయన ఏ రంగు పక్కన ఏ రంగు వేస్తారో, బుటా ఎంత పెద్దది పెడతారో చూసి ఇంకొకరు అదే పోకడలో కొత్త చీర తీస్తే, అది మనిషి గీసినా మిషను గీసినా, కాపీరైటు చట్టం అడ్డుకోదు. ఆలోచనకి హక్కు లేదు, ఆలోచనకి ఇచ్చిన రూపానికే హక్కు అని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది. అయితే అమ్మేటప్పుడు ఆ డిజైనర్ పేరు తగిలించి, ఆయనదే అన్నట్టు నమ్మిస్తే అది వేరే తప్పు. అప్పుడు గొడవ పేరు మీద. పోకడ మీద కాదు.

ఇది అన్యాయం కదా అని చాలామంది నాతో అంటన్నారు. నేను ఒప్పుకోను. జాందానీ అసలు మనూళ్ళో పుట్టిందా? ఢాకా నేతగాళ్ళ విద్య అది. 2013లో యునెస్కో ఢాకా జాందానీని వారసత్వ జాబితాలోకి ఎక్కించింది. తరహాకి కూడా యజమాని ఉంటాడని రేపు చట్టం తెస్తే, ముందుగా నోటీసు అందుకునేది మన ఉప్పాడ, కొత్తపల్లి నేతగాళ్ళే. "ఈ పోకడ నాది, నువ్వు నెయ్యకు" అని వకీలుని పెట్టి చెప్పగల స్తోమత పెద్ద డిజైనర్‌కి ఉంటది గానీ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకున్నోడికి ఉండదు. అంచేత తరహా అందరిదీగా ఉండడమే మనకి మేలు.

మరి పెద్దాయన చీర సంగతి? అది తరహా కాదు. ఫలానా నెమలి, ఫలానా అల్లిక, ఫలానా వరస. ఇక్కడే నా నాలుగు ప్రశ్నలు.

మొదటిది, ఫొటో ఎవరు తీశారు? ఫొటో మీద కాపీరైటు మామూలుగా తీసినోళ్ళది, చీర నేసినోళ్ళది కాదు. షాపువాళ్ళు పెట్టిన ఫొటోగ్రాఫర్ తీస్తే ఆ హక్కు మీ చేతిలో లేనట్టే. ఆయన సొంత ఫోన్‌తో తనే తీశారు, అది మంచిదైంది. అమ్మకం పేజీలో ఆయన ఫొటోనే కత్తిరించి వాడుంటే ఈ ఒక్క ఆధారంతోనే దాన్ని తీయించొచ్చు. కానీ ఆళ్ళు ఫొటో వాడలేదు. ఫొటోలోంచి డిజైను పిండుకుని ఫొటోని వదిలేశారు.

రెండోది, గ్రాఫు ఎవరు గీశారు? జాందానీ నేతకి ముందు బుటాని గళ్ళ కాగితం మీద గీస్తారు గదా, కాపీరైటు చట్టం లెక్కలో కళాకృతి అంటే ఆ గీతే. ఒకరి దగ్గర ఉద్యోగంలో ఉండి గీస్తే హక్కు ఆ యజమానిది. బయటి మనిషికి డబ్బులిచ్చి గీయిస్తే, రాతపూర్వకంగా రాయించుకోనంతవరకూ హక్కు గీసినోడిదే. ఈయనకి గ్రాఫు గీసింది మేనల్లుడు. కాగితం మీద తారీకు లేదు, ఇద్దరి మధ్యా రాత లేదు. నలభై రోజులు కూర్చుని నేసిన మనిషికి, నేసినందుకని మాత్రం చట్టం ఏ హక్కూ ఇవ్వలేదు. నాకు కడుపు మండేది అక్కడేనండీ.

మూడోది, ఆ డిజైను రిజిస్టర్ చేయించారా? 2000 నాటి డిజైన్ల చట్టం కింద చేయిస్తే పదేళ్ళ హక్కు, ఆ పైన ఇంకో ఐదేళ్ళు పొడిగించుకోవచ్చు. మామూలు మనిషికి దరఖాస్తు ఫీజు వెయ్యి రూపాయలు. కాపోతే మెలిక ఒకటుంది. దరఖాస్తు పెట్టే రోజుకి ఆ డిజైను ఎక్కడా బయటపడి ఉండకూడదు. ముందే జనానికి చూపించేసింది కొత్తది కాదు, రిజిస్టరైనా తర్వాత కొట్టేయించొచ్చు. మనవాళ్ళేమో మగ్గం దించిన గంటలోనే స్టేటస్ పెడతన్నారు. పెద్దాయన కూడా అంతే. ఆ దారి ఆయనకి ఆ రోజే మూసుకుపోయింది.

నాలుగోది అడిగితే ఆయన నా మొహం వంక వింతగా చూశారు. ఇప్పటిదాకా ఈ డిజైనులో ఎన్ని చీరలు నేశారు?

కాపీరైటు చట్టం 15వ సెక్షన్లో ఉన్న లెక్క ఇది. రిజిస్టర్ చేయించగలిగీ చేయించని డిజైను మీద కాపీరైటు కొన్నాళ్ళు బతికే ఉంటది. ఆ డిజైనుతో వస్తువులు పారిశ్రామిక పద్ధతిలో యాభైకి మించి తయారైన మరుక్షణం పోతది. చేతిమగ్గం పారిశ్రామికం ఎలాగవుద్దని వాదించొచ్చు గానీ, డిజైన్ల చట్టం చేత్తో చేసే పనిని కూడా అందులోనే కలిపింది, అంచేత ఆ వాదన మీద కూర్చోవద్దు. లెక్క మీద కూర్చోండి.

ఈ లెక్కే కోర్టుల్లో తీర్పులు మార్చింది. 2008లో ఢిల్లీ హైకోర్టులో తరుణ్ తహిలియానీ కంపెనీ తన డిజైన్లు కాపీ కొట్టారని నిలబడింది. ఆ డిజైన్లు యాభై దాటి తయారు కాలేదు గనక హక్కు నిలిచింది. 2016లో అదే కోర్టులో రీతూ కుమార్ కంపెనీ బిబా మీద వేసిన దావా నిలవలేదు. డిజైను రిజిస్టర్ లేదు, యాభై దాటింది. ఇద్దరూ పేరున్న డిజైనర్లే. తేడా తెచ్చింది ఆ సంఖ్య. 2025లో సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా చెప్పింది. లెక్క ఒక్కటే చూస్తే చాలదు, అసలది కళాకృతా, వస్తువుకి వేసిన డిజైనా అన్నది ముందు తేల్చాలంది.

మామూలుగా చట్టాలు పెద్ద ఫ్యాక్టరీకే పనికొస్తాయి గదా. ఈ యాభై లెక్క మాత్రం చిత్రంగా నెమ్మదిగా నేసేవాడి వైపుంది. ఒక మగ్గం మీద చీరకి నలభై రోజులంటే ఏడాదికి తొమ్మిది చీరలు. మూడు మగ్గాల మీద నేస్తే ఇరవై ఏడు. యాభై ఒకటో చీర దిగేసరికి రెండో ఏడాది ఆఖరవుద్ది. అదే షావుకారు ఒకే గ్రాఫుని ఇరవై మగ్గాలకి పంచితే నాలుగు నెలల్లోపే యాభై దాటిపోద్ది. ఇంకో ముఖ్యమైన సంగతి. హక్కున్న మనిషిగానీ, ఆయన అనుమతితో ఇంకొకరుగానీ చేసినవే ఈ లెక్కలోకొస్తాయి. దొంగ ప్రింటు లక్ష వేసినా మీ లెక్క ఒక్కటి కూడా పెరగదు.

"మరి ఆళ్ళు నెమలి తల తిప్పారు గదా, ముప్పై శాతం మారిస్తే తప్పు లేదంట గదా" అన్నారు పెద్దాయన. ఆ శాతం ఏ చట్టంలోనూ లేదు. రెండూ చూసినోడికి ఇది దానికి కాపీయేనని గట్టిగా అనిపించిందా లేదా అన్నదే కోర్టు చూసేది. నెమలి, హంస, మామిడిపిందె అందరివీ. ఆ నెమలిని మీరు గీసిన తీరు, తీగతో కూర్చిన వరస మాత్రమే మీది. ఫొటో ఎక్కించి తీసిన కాపీలో ఆ వరస తెలీకుండానే మిగిలిపోద్ది, మన నేతలోని చిన్న తప్పు కూడా అందులో కనపడొచ్చు. పట్టుకునేది దాంతోనే. మాటలు చెప్పి తీయించినదాంట్లో ఆ జాడ దొరకడం కష్టం.

"మనకి జీఐ ఉంది గదా" అంటారు చాలామంది. ఉంది, 2009 నుంచీ. అది కాపాడేది ‘ఉప్పాడ జాందానీ’ అన్న పేరుని. కొంగులో నెమలిని కాదు. ప్రింటు చీర మీద ‘ఉప్పాడ’ అని రాస్తే దాంతో పట్టుకోవచ్చు, రాయకపోతే అది పలకదు. కొనేవాళ్ళు మాత్రం చీర తిరగేస్తే చాలు. జాందానీలో బుటా పోగు చేత్తో ఇరికించింది గనక వెనకవైపూ దాదాపు ముందులాగే నున్నగా ఉంటది. మరమగ్గం చీరకి వెనక కత్తిరించిన పోగులు తేలతాయి. ప్రింటుకి వెనక పోగే ఉండదు, వెలిసిన రంగు ఉంటది.

ఇందులో నేతగాడు చెయ్యగలిగింది కొంతే. గ్రాఫు మీద తారీకు, సంతకం. గీసినవాళ్ళతో ఒక కాగితం. రిజిస్ట్రేషన్ దరఖాస్తు పడేదాకా ఫొటో బయట పెట్టకపోవడం. డిజైనుకో పేజీ పెట్టి ఎన్నో చీర, ఏ రోజు దిగిందో రాసుకోవడం. మిగతాది ప్రభుత్వం చెయ్యాలి. కొత్త డిజైను దరఖాస్తు ఉప్పాడలోనే పెట్టించే మనిషిని చేనేత శాఖ ఎందుకు కూర్చోబెట్టదు? వాళ్ళ వెయ్యి రూపాయలు కట్టలేదా? రిజిస్టరైన డిజైను కాపీ కొడితే దావా నష్టాలు అడక్కుండా చట్టం నేరుగా ఇప్పించే సొమ్ము డిజైనుకి యాభై వేలకి మించదు. ఒకే ఫైలుతో వేల చీరలు అచ్చేసేవాడికి అది భయమా, ఖర్చా? అమ్మకం సైట్లలో ఏఐ బొమ్మతో పెట్టిన బట్టకి ఆ ముక్క రాయించాలనీ, నేసిందో అచ్చేసిందో చెప్పించాలనీ మన సంఘాలు ఎందుకు అడగవు?

పెద్దాయన వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. ఇంట్లో రెండు, షావుకారుకిచ్చినవి, పెళ్ళికి పోయినవి. "పంతొమ్మిది" అన్నారు.

"అయితే ఇంకా ముప్పై ఒకటి ఉన్నాయి అన్నయ్యా" అన్నాను. "మేనల్లుడి చేత కాగితం రాయించు. ఇరవయ్యోది దిగిన రోజు రాసిపెట్టు."

కొట్టువాడి దగ్గర పెన్ను తీసుకుని ఆయన అక్కడే సిగరెట్ పెట్టె అట్ట మీద 19 అని రాసి, మడిచి జేబులో పెట్టుకున్నారు.