'పోయింది' అనే ముందు ఒక్క క్షణం

నాకు ఇంగ్లీష్ బాగా వచ్చు, తెలుగు ఇంట్లో మాట్లాడతాను, కాబట్టి మధ్యలో నిలబడి మాట అటూ ఇటూ చేరవేయడం పెద్ద పనేం కాదనుకునేవాణ్ణి. మొన్న వేసవి సెలవుల్లో వైజాగ్‌లో ఒక చిన్న హోటల్ కౌంటర్ దగ్గర ఆ నమ్మకం పది నిమిషాల్లో పోయింది. చూశారా, ఇక్కడ కూడా 'పోయింది' అనే రాశాను. గొడవంతా ఆ మాటతోనే.

మా మామయ్య అక్కడ మేనేజర్. కౌంటర్‌లో ఉండే అన్నకి గదులు, బిల్లుల వరకు ఇంగ్లీష్ వస్తుంది, అంతకు మించితే నన్ను పిలిచేవాడు. ఆ రోజు పొద్దున ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒకావిడ కిందికి పరిగెత్తుకొచ్చి "ఐ హావ్ లాస్ట్ మై పాస్‌పోర్ట్" అంది. నేను ఆలోచించకుండా "అన్నా, ఈవిడ పాస్‌పోర్ట్ పోయిందంట" అన్నాను.

అన్న మొహం మారిపోయింది. "మా రూమ్ బాయ్స్ అలాంటోళ్లు కాదు తమ్ముడూ, చెప్పు ఆమెకి" అన్నాడు. గొంతు పెరిగింది. ఆవిడ కంగారుపడి, ఆయన ఏమంటున్నాడని అడిగింది. నేను "ఏం లేదు, డోంట్ వరీ" అన్నాను. ఇది రెండో తప్పు. ఎదుటి మనిషి కోపం కళ్లకు కనిపిస్తుంటే మధ్యలో ఉన్నవాడు 'ఏం లేదు' అంటే ఇక వాణ్ణి ఎవరు నమ్ముతారు?

తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. ఇంగ్లీష్ వాక్యంలో 'ఐ' ఉంది. పోగొట్టుకున్నది తనేనని ఆవిడ చెప్పింది, ఎవరినీ అనలేదు. మన 'పోయింది'లో ఎవరు చేశారన్నది ఉండదు. జారి పడినా పోయిందే, దొంగ ఎత్తుకెళ్లినా పోయిందే. ఖాళీగా ఉన్న ఆ చోటును వినేవాడు తన భయంతో నింపుకుంటాడు. హోటల్లో పనిచేసేవాడి భయం దొంగతనం మాటే కదా. పోనీ 'పోగొట్టుకుందంట' అందామా అంటే అది ఆవిణ్ణి తిట్టినట్టుంటుంది.

అందుకే నా అభిప్రాయం, మొదట చెప్పాల్సింది "పాస్‌పోర్ట్ కనిపించడం లేదంటున్నారు" అని. అది ఎవరి మీదా నింద వెయ్యదు, ఇంకా తేలని విషయాన్ని తేలినట్టు చెప్పదు. మెత్తగా మార్చి చెప్పడం మోసం కాదా అని మా రూమ్‌మేట్ అడిగాడు. కాదు. ఆవిడకి నిజంగా తెలిసింది కూడా అంతే, చూస్తే కనిపించలేదు. అదే ఆవిడ "ఎవరో బ్యాగ్ లాక్కెళ్లారు" అని ఉంటే, దాన్ని అలాగే చెప్పాలి. అక్కడ మెత్తబరిస్తే అది మోసమే.

ఇంతలో మామయ్య వచ్చాడు. "ఆఖరిసారి చేతిలో ఎప్పుడు చూసుకున్నారో అడుగు" అన్నాడు. అడిగాను. నిన్న మధ్యాహ్నం, ఇదే కౌంటర్ దగ్గర, ఇచ్చానంది. విదేశీయులు దిగిన 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ఇమ్మిగ్రేషన్ వాళ్లకి ఆన్‌లైన్‌లో పంపాలి. హోటల్ వాళ్లు దాన్ని ఫారం సి అంటారు. దానికోసం పాస్‌పోర్ట్, వీసా పేజీలు కాపీ తీస్తారు. అన్న వెళ్లి జిరాక్స్ మెషిన్ మూత ఎత్తాడు. పాస్‌పోర్ట్ అద్దం మీద బోర్లా పడుకుని ఉంది.

నవ్వుకుని ఊరుకునే విషయం కాదిది. మేం వాదించుకుంటున్నప్పుడే ఆవిడ పాస్‌పోర్ట్ పోయిందని వాళ్ల ప్రభుత్వానికి తెలిపే పేజీ ఫోన్లో తెరిచింది. ఒక్కసారి అలా రిపోర్ట్ చేస్తే బ్రిటిష్ పాస్‌పోర్ట్ రద్దవుతుంది. ఐదు నిమిషాలకే దొరికినా దాంతో ప్రయాణం చెయ్యడానికి వీల్లేదు. ఆ తర్వాత పోలీస్ రిపోర్ట్, అత్యవసర ప్రయాణ పత్రం, మన దేశం దాటడానికి ఈ-ఎఫ్ఆర్ఆర్ఓలో ఎగ్జిట్ పర్మిట్. విమానం టికెట్ తేదీ వీటికోసం ఆగదు.

నిజంగానే దొరకకపోతే ఆ మెట్లన్నీ ఎక్కక తప్పదు. అప్పుడు కూడా హోటల్లో ఉన్న ఆ కాపీలే ఆధారం, పాస్‌పోర్ట్ నంబర్ అందులోనే ఉంటుంది. కాపీ ఇవ్వాల్సింది కౌంటర్‌లో ఉన్న మనిషే. ఆ మనిషిని మొదటి వాక్యంతోనే దొంగల పక్షాన నిలబెడితే ఎంత మనస్ఫూర్తిగా వెతుకుతాడు?

'డోంట్ వరీ' కూడా మనం అనాల్సిన మాట కాదని ఇప్పుడు నా నమ్మకం. దొరుకుతుందని మాట ఇవ్వడానికి నేనెవర్ని? దాని బదులు ఇద్దరికీ ఒక్క వాక్యం చెబితే చాలు: "మీరిద్దరూ అన్నదంతా నేను అలాగే చెబుతాను." అది ముందే విని ఉంటే అన్న రూమ్ బాయ్స్ మాట ఎత్తేముందు ఒకసారి ఆగేవాడు. నేనూ 'ఏం లేదు' అని ఉండేవాణ్ణి కాదు.

వెళ్లేముందు ఆవిడ అన్నకి థాంక్స్ చెప్పింది. "ఏమంటోంది?" అన్నాడు అన్న. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను.