చందా ఏ దారిన రావాలి?

తమిళనాడులోని ఆరంబాక్కంలో ఉత్తరం వైపు రైలెక్కితే తర్వాతి స్టేషను తడ. అది ఆంధ్రప్రదేశ్. ఆరంబాక్కంలోనే కూర్చుని తెలుగులో రాసే మనిషికి సూళ్లూరుపేటలోనూ పాఠకులుంటారు, డల్లాస్‌లోనూ ఉంటారు. అలాంటి రచయిత ఒకరు నెలకు 100 రూపాయల చందా పెట్టాలనుకున్నారనుకుందాం. సబ్‌స్టాక్‌లాంటి న్యూస్‌లెటర్ వేదిక మీద పెట్టాలా, సొంత డొమైన్‌లోనా?

అందరూ ముందు చూసేది కమీషన్. 200 మంది చేరితే నెలకు 20,000 రూపాయలు. సబ్‌స్టాక్ వాటా 10 శాతం, అంటే 2,000. పేమెంట్ ఛార్జీలు వేరే. సొంత సైటుకు రేజర్‌పేలాంటి గేట్‌వే పెట్టుకుంటే 2 శాతం ఛార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ లెక్కన పోయేది 472. హోస్టింగ్ ఖర్చు కలిపినా సొంతదే చవక. చేరింది 20 మందే అయితే లెక్క తిరగబడుతుంది: వేదికకు పోయేది 200, హోస్టింగ్‌కు అంతకంటే ఎక్కువే కావచ్చు.

మనకు అసలు చిక్కు కమీషన్ కాదు. సబ్‌స్టాక్‌లో చందా డబ్బు రచయితకు చేరాలంటే స్ట్రైప్ ఖాతా ఉండాలి. 2024 నుంచి స్ట్రైప్ భారత్‌లో ఆహ్వానం ఉన్నవాళ్లకే కొత్త ఖాతా ఇస్తోంది. వాటా అడగని ఘోస్ట్‌ను సొంత డొమైన్‌లో పెట్టుకున్నా, అందులో చందాలకు దారి స్ట్రైపే. అంటే డొమైన్ మనదైతే చాలదు, యూపీఐ తీసుకునే గేట్‌వే కూడా కావాలి. సూళ్లూరుపేట పాఠకుడు ఆటోపేకు ఒక్కసారి పిన్ కొట్టి ఒప్పుకుంటే నెలనెలా వంద దానంతటదే కట్ అవుతుంది. డల్లాస్ పాఠకుడి కార్డుకు మాత్రం గేట్‌వే నుంచి విదేశీ చెల్లింపుల అనుమతి విడిగా తెచ్చుకోవాలి.

సొంత సైటు దెబ్బతినేది మెయిల్ దగ్గర. హోస్టింగ్ సర్వర్ నుంచి నేరుగా పంపిన ఉత్తరాలు తరచూ స్పామ్‌లో పడతాయి. చందా కట్టినాయన ‘ఈ వారం ఏమీ రాలేదే’ అని అడిగేదాకా మనకు తెలియదు. ముందే తేల్చుకోవడానికి మీ జీమెయిల్‌కే ఒకటి పంపి, మూడు చుక్కల మెనూలో `Show original` తెరవండి. SPF, DKIM, DMARC మూడింటి పక్కనా PASS ఉండాలి. ఒక్కటి తప్పినా డొమైన్ సెట్టింగులు సరిచేసుకోవాల్సిందే. వేదిక మీద ఈ తలనొప్పి ఉండదు. పైగా అక్కడ తోటి రచయితల సిఫారసుతో కొత్త పాఠకులూ వస్తారు.

కాబట్టి పనులు రెండుగా విడదీయడమే మేలు. ఉచిత ఉత్తరం వేదిక మీద నడపండి. చందా, చందాదారుల రచనలు సొంత డొమైన్‌లో ఉంచండి. ఎవరు కట్టారో వేదికకు తెలియదు గనుక రెండు జాబితాలు చూసుకునే శ్రమ తప్పదు. సబ్‌స్టాక్ పాఠకుల మెయిళ్ల జాబితాను దించుకోనిస్తుంది. నెలకోసారి దించి దాచుకోండి. రేపు వేదిక మారాల్సి వస్తే మీ వెంట వచ్చేది ఆ జాబితాయే.